‘సంతృప్తి’ని కొలవడం: అంగన్‌వాడీ కార్యకర్తల ఉద్యోగసంతృప్తి ప్రశ్నావళి - భాషాదృష్టితో ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

ఉద్యోగసంతృప్తి అనేది కంటికి కనిపించని భావన. దానిని పరిశోధనకు లొంగదీయాలంటే పార్శ్వాలుగా విడదీయాలి. ఒక్కో పార్శ్వానికి చలరాశులను, వాటికి సూచికలను, సూచికలకు ప్రశ్నావాక్యాలను ఏర్పరచుకోవాలి. ఈ ప్రయాణంలో ఆంగ్లమాపనులను తెలుగులోకి తెచ్చేటప్పుడు ఎక్కడెక్కడ అర్థం జారిపోతుందో అంగన్‌వాడీ కార్యకర్తలను ఉదాహరణగా తీసుకొని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఉద్యోగసంతృప్తి, కార్యాత్మక నిర్వచనం, పార్శ్వం, చలరాశి, సూచిక, సప్రమాణత, అంగన్‌వాడీ.

1. ఉపోద్ఘాతం:

తెలుగుశాఖలో పనిచేసేవారికి ఇతరశాఖల పరిశోధకులు అప్పగించే పని ఒకటుంది. ఆంగ్లంలో ఉన్న ప్రశ్నావళిని తెలుగు చేసిపెట్టమంటారు. కొన్నేళ్ళ క్రితం అలా నా చేతికి ఒక ఉద్యోగసంతృప్తి ప్రశ్నావళి వచ్చింది. దానిని అంగన్‌వాడీ కార్యకర్తలకు ఇవ్వబోతున్నారు. రెండు రోజుల పని అనుకొని మొదలుపెట్టాను. మొదటి వాక్యంలోని ‘శాలరీ’ దగ్గరే కలం ఆగింది. అంగన్‌వాడీ కార్యకర్తకు ప్రభుత్వం ఇచ్చేది జీతం కాదు, గౌరవవేతనం. ‘జీతం’ అని రాస్తే లేనిదాని గురించి అడిగినట్లవుతుంది. ‘గౌరవవేతనం’ అని రాస్తే మూలంలో లేని ఒక వివాదాన్ని ప్రశ్నలోకి తెచ్చినట్లవుతుంది. ఇది అనువాదసమస్య అనుకున్నాను. కొంతకాలానికి ఇది కొలతసమస్య అని అర్థమైంది. ఈ వ్యాసం ఆ అవగాహన నుంచి పుట్టింది.

2. భావన నుంచి సూచిక వరకు:

ఉద్యోగసంతృప్తికి ఎక్కువమంది పరిశోధకులు ఆధారంగా తీసుకొనే నిర్వచనం ఎడ్విన్ లాక్ 1976లో చేసినది. మనిషి తన ఉద్యోగాన్ని, అందులోని అనుభవాలను తనకు తాను అంచనా కట్టుకొన్నప్పుడు కలిగే ఆహ్లాదకరమైన మానసికస్థితి అని దాని సారాంశం. ఇందులో ముఖ్యమైన మాట ‘అంచనా’. సంతృప్తి ఉద్యోగంలో ఉండే గుణం కాదు, మనిషిలో ఉండే స్వభావమూ కాదు. ఉద్యోగాన్ని మనిషి తూచి చూసుకొన్నప్పుడు తేలే ఫలితం. ఈ తేడాను చివరిదాకా గుర్తుపెట్టుకోవడమే కార్యాత్మక నిర్వచనంలోని అసలు కష్టం.

నిర్వచనం తరువాతి మెట్టు పార్శ్వాలు. స్మిత్, కెండాల్, హ్యూలిన్ 1969లో ప్రకటించిన ఉద్యోగవర్ణన సూచిక ఐదు పార్శ్వాలను తీసుకొంది. పని, వేతనం, పదోన్నతి, పర్యవేక్షణ, తోటి ఉద్యోగులు అన్నవి ఆ ఐదు. పాల్ స్పెక్టర్ 1985లో రూపొందించిన మాపనిలో తొమ్మిది పార్శ్వాలు ఉన్నాయి. ఒక్కోదానికి నాలుగు వాక్యాల చొప్పున మొత్తం ముప్పై ఆరు. ఒక్కో వాక్యానికి ఆరు స్థాయిల సమాధానాలు ఉంటాయి. అందువల్ల మొత్తం గణన 36 నుంచి 216 మధ్య ఉంటుంది. స్పెక్టర్ మాపని మానవసేవాసంస్థల సిబ్బందిని దృష్టిలో పెట్టుకొని తయారైనది. కాబట్టి అంగన్‌వాడీకి అది దగ్గరగా ఉంటుందని పరిశోధకులు భావించడంలో తప్పులేదు. అయితే అది అమెరికాలోని సంస్థల సిబ్బంది. వారికి నియామకపత్రం, జీతం, అదనపు సౌకర్యాలు, సంస్థ అనే ఒక కప్పు ఉంటాయి.

అంగన్‌వాడీ కార్యకర్త పరిస్థితి వేరు. సాధారణంగా ఆమె ఆ ఊరి మనిషే. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఆమెను గౌరవ సేవకురాలిగానే చూసింది. ఆమె పక్కన ఉండే తోటి ఉద్యోగి ఒక్కరే, ఆయా. ఆ పైన సెక్టారు సూపర్‌వైజరు, ఆ పైన సి.డి.పి.ఓ. ఉంటారు. పిల్లలకు ఆటపాటలు నేర్పడం, ఆహారం పెట్టడం, బరువు తూచి రాయడం, గర్భిణుల, బాలింతల వివరాలు చూడడం, రిజిస్టర్లు నింపడం ఆమె పనులు. 2021 నుంచి పోషణ్ ట్రాకర్‌లో ఫోను ద్వారా వివరాలు ఎక్కించడమూ వీటికి తోడైంది. ఆమె పనిని రోజూ చూసేది సూపర్‌వైజరు కాదు, పిల్లల తల్లులు. ఐదు పార్శ్వాల్లోనూ తొమ్మిది పార్శ్వాల్లోనూ ‘ఊరు’ అనే పార్శ్వం లేదు. కార్యకర్త తన పనిని ఊరి కళ్ళతో కూడా తూచుకొంటుంది. ఆ పార్శ్వాన్ని వదిలేసిన మాపని ఎంత విశ్వసనీయంగా ఉన్నా కొలవవలసినదాన్ని పూర్తిగా కొలవదు.

3. ఒక పార్శ్వం - పారితోషికం:

ఒక్క పార్శ్వాన్ని తీసుకొని అడుగడుగునా నడిచి చూద్దాం. పార్శ్వం పేరు ‘పారితోషికం’ అనుకొందాం. జీతం, గౌరవవేతనం అనే రెండు పదాల తగువులోకి దిగకుండా పరిశోధకుడు తన నోట్సులో వాడుకొనే పేరు ఇది. ప్రశ్నలో మాత్రం కార్యకర్తలు వాడే మాటే ఉండాలి. ఈ పార్శ్వంలో ఆమె వేటిని అంచనా కడుతుంది? పనికి తగిన మొత్తమా కాదా, అందే తీరు ఎలా ఉంది, కేంద్రం కోసం సొంత డబ్బు పెట్టుకోవలసివస్తోందా, ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగిన తీరు న్యాయంగా ఉందా. ఈ నాలుగూ సూచికలు.

ఇప్పుడు వాక్యాలు రాయాలి. రెండవ సూచికకు నేను మొదట రాసిన వాక్యం ఇది: ‘గౌరవవేతనం ప్రతినెలా సమయానికి చేతికి అందుతోంది.’ చదవడానికి చక్కగా ఉంది. కాని ఇది సంతృప్తిని అడగడం లేదు, ఒక వాస్తవాన్ని అడుగుతోంది. వేతనం ఎన్ని రోజులు ఆలస్యమైందన్నది బ్యాంకు ఖాతా చూసి చెప్పగల విషయం. దానికి ఆమె మనసు అక్కరలేదు. ఆలస్యమైన రోజుల సంఖ్య ఒక చలరాశి, ఆ ఆలస్యాన్ని ఆమె ఎలా తీసుకొంటోందన్నది మరో చలరాశి. రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేస్తే ఆలస్యం సంతృప్తిని తగ్గిస్తుందా అనే ప్రశ్నకు ఇక ఎప్పటికీ జవాబు రాదు. కారణాన్నీ ఫలితాన్నీ ఒకే పాత్రలో పోశాం కాబట్టి. అందుకని ఆ వాక్యాన్ని ‘గౌరవవేతనం అందుతున్న తీరు నాకు బాగానే ఉంది’ అని మార్చి, ఆలస్యమైన రోజులను వేరే గడిలో అడగవలసివచ్చింది.

మార్చిన తరువాత నాలుగు వాక్యాలు ఇలా నిలిచాయి. ఒకటి, ‘నేను చేసే పనికి ఈ గౌరవవేతనం తగినట్టుగానే ఉంది.’ రెండు, ‘గౌరవవేతనం అందుతున్న తీరు నాకు బాగానే ఉంది.’ మూడు, ‘కేంద్రం కోసం చేతి డబ్బు పెట్టుకోవడం నాకు భారంగా ఉంది.’ నాలుగు, ‘ఇన్నేళ్ళలో గౌరవవేతనం పెరిగిన తీరు న్యాయంగా అనిపిస్తోంది.’ ప్రతి వాక్యానికీ ‘అస్సలు ఒప్పుకోను’ నుంచి ‘పూర్తిగా ఒప్పుకొంటాను’ వరకు ఐదు స్థాయిలు, ఒకటి నుంచి ఐదు వరకు అంకెలు.

ఒక కార్యకర్త వరుసగా 2, 4, 5, 1 గుర్తించిందనుకొందాం. మూడవ వాక్యం విలోమవాక్యం. దానికి ఎక్కువ అంకె వచ్చిందంటే సంతృప్తి తక్కువని అర్థం. కాబట్టి ఆరులోనుంచి ఆ అంకెను తీసివేయాలి, అంటే 5 కాస్తా 1 అవుతుంది. అప్పుడు మొత్తం 2 + 4 + 1 + 1 = 8, సగటు 2. ఆమె అసంతృప్తితో ఉంది. తిప్పడం మరచిపోతే మొత్తం 12, సగటు 3. అదే మనిషి ‘మధ్యస్థ సంతృప్తి’ వర్గంలోకి వెళ్ళిపోతుంది. ఇది చిన్నపిల్లల లెక్కలా కనిపిస్తుంది. కాని పట్టికలో అందరి సగటులూ మూడు చుట్టూ మూగి, ‘ప్రతిస్పందకుల్లో అధికసంఖ్యాకులు మధ్యస్థ సంతృప్తిని వ్యక్తం చేశారు’ అనే నిర్ధారణ కనిపించినప్పుడు మొదట అనుమానించవలసింది ఈ పొరపాటునే. పట్టుకొనే దారి కూడా ఉంది. ఒక్కో వాక్యానికీ మిగిలిన వాక్యాల మొత్తానికీ మధ్య సహసంబంధం లెక్కకట్టాలి. తిప్పని విలోమవాక్యం ఉంటే అక్కడ రుణగుర్తు బయటపడుతుంది. క్రాన్‌బాక్ ఆల్ఫా కూడా అనుమానం వచ్చేంతగా పడిపోతుంది. కొందరు ఆ వాక్యాన్ని ‘పనికిరాని అంశం’గా తీసేసి ఆల్ఫాను పెంచుకొంటారు. దోషం వాక్యంలో లేదు, గణనలో ఉంది. తీసేసిన ఆ వాక్యంతోపాటు చేతి డబ్బు ఖర్చు అనే సూచిక మొత్తం పరిశోధన నుంచి వెళ్ళిపోతుంది.

4. తెలుగు వ్యతిరేకవాక్యం చేసే చిక్కు:

విలోమవాక్యాలు ఎందుకు పెడతారంటే, చదవకుండానే అన్నింటికీ ‘అవును’ అనే అలవాటును పట్టుకోవడానికి. స్పెక్టర్ మాపనిలో సుమారు సగం వాక్యాలు ఇలాంటివే. అయితే ఆంగ్లంలోని వ్యతిరేకవాక్యాన్ని తెలుగు వ్యతిరేకక్రియతో అనువదిస్తే కొత్త చిక్కు వస్తుంది. ‘నా శ్రమను ఎవరూ గుర్తించరు’ అని సర్వేకు వెళ్ళినవారు చదివి వినిపిస్తారు. కార్యకర్త ‘లేదండీ’ అంటుంది. ఏమిటి దానర్థం? ‘లేదు, గుర్తిస్తారు’ అని కావచ్చు. ‘లేదు, ఎవరూ గుర్తించరు’ అని కూడా కావచ్చు. మన వాడుకలో వ్యతిరేకవాక్యానికి ‘లేదు’ అన్నది కాదనడమూ అవుతుంది, వత్తాసు పలకడమూ అవుతుంది. కాకువును బట్టి, తల ఊపిన తీరును బట్టి విన్నవాడు గ్రహిస్తాడు. ప్రశ్నావళిలో కాకువుకు గడి లేదు. సర్వే చేసేవాడు తనకు తోచిన గడిలో టిక్కు పెడతాడు.

దీనికి పరిహారం వ్యాకరణంలోనే ఉంది. అర్థంలో విలోమంగా ఉంటూ రూపంలో వ్యతిరేకక్రియ లేని వాక్యాలు రాయాలి. ‘నా శ్రమ వృథా అవుతోందనిపిస్తోంది’ అంటే చాలు. అప్పుడు ‘లేదండీ’ అనే జవాబుకు ఒకే అర్థం మిగులుతుంది. పైన చేతి డబ్బు వాక్యంలో ‘భారంగా ఉంది’ అని ముగించడానికి కారణం ఇదే.

మధ్యస్థాయి మాట కూడా ఇలాంటిదే. చాలా ప్రశ్నావళుల్లో ‘తటస్థం’ అని కనిపిస్తుంది. మాటల్లో తటస్థం అనే కార్యకర్తను నేను చూడలేదు. ఆమె అనే మాట ‘పర్వాలేదు’. ఈ ‘పర్వాలేదు’ సంతృప్తికి దగ్గరా, అసంతృప్తికి దగ్గరా? పాత ఉద్యోగవర్ణన సూచిక ఇటువంటి ప్రశ్నను ఎదుర్కొని తెలివైన పని చేసింది. అందులో ‘అవును’, ‘కాదు’, ప్రశ్నార్థకం అని మూడు జవాబులు. అనుకూలమైన జవాబుకు 3, ప్రతికూలానికి 0 ఇచ్చారు. ప్రశ్నార్థకానికి సగం ఇవ్వడం సహజం. వారు ఇచ్చింది 1. ఎటూ తేల్చనివారి జవాబులు అసంతృప్తులవైపే మొగ్గుతున్నాయని ఆధారాల్లో కనిపించడమే కారణం. ‘పర్వాలేదు’కు తెలుగులో ఏ విలువ ఇవ్వాలో ఊహించి చెప్పకూడదు. ఒక వాక్యానికి ‘పర్వాలేదు’ అన్నవారిని విడిగా తీసి, మిగిలిన వాక్యాల్లో వారి మొత్తాలు ఎవరికి దగ్గరగా ఉన్నాయో చూడాలి. అది చూడకుండా 3 ఇచ్చేయడం మర్యాదను కొలతగా లెక్కించడమే. ‘చెప్పలేను’ అనే గడిని దీనికి వేరుగా ఉంచడం మరీ అవసరం. పదోన్నతి గురించి ఏమీ తెలియని కొత్త కార్యకర్త జవాబు మధ్యస్థాయి కాదు, జవాబు లేకపోవడం.

5. ‘సంతృప్తి’ అనే మాట:

ఇక ఈ వ్యాసానికి అసలు కేంద్రమైన విషయం. ఆంగ్లప్రశ్నావళి చివర ‘మొత్తంమీద మీ ఉద్యోగంతో మీరు ఎంత సంతృప్తిగా ఉన్నారు?’ అనే అర్థమిచ్చే ప్రశ్న తరచుగా ఉంటుంది. ఒకే ప్రశ్న కదా అని దానిని తీసిపారేయనక్కరలేదు. పార్శ్వాల మొత్తం కంటే ఇలాంటి ఒక్క ప్రశ్నే సమగ్రమైన అంచనాను పట్టుకోవచ్చని స్కార్పెల్లో, క్యాంప్‌బెల్ 1983లోనే వాదించారు. పార్శ్వాలన్నింటినీ సమానంగా కూడితే వాటన్నింటికీ ఆమె జీవితంలో సమానమైన విలువ ఉందని మనమే నిర్ణయించినట్లు కదా. వాదం బలమైనదే. కాని తెలుగులో ఆ ఒక్క ప్రశ్న ఏ మాట మీద నిలబడుతుంది?

తెలుగులో తృప్తి ఒక సుగుణం. ఉన్నదానితో తృప్తిపడడం మంచి మనిషి లక్షణమని ఇళ్ళలో చెప్పి పెంచుతారు. తృప్తిలేని మనిషి అంటే అది నింద. కాబట్టి ‘మీకు ఉద్యోగంలో సంతృప్తి ఉందా?’ అని అడిగితే వినేవారి చెవికి ‘మీరు తృప్తిపడగల మనిషేనా?’ అని కూడా వినిపిస్తుంది. లాక్ నిర్వచనంలో సంతృప్తి ఉద్యోగాన్ని తూచిన ఫలితం. మన మాటలో అది మనిషిని తూచే రాయిగా మారింది. అనువాదంలో మాట మారలేదు, తూకం దిశ మారింది.

దీనిని నేను ఒకే ఒక్క సంభాషణలో గమనించాను. ప్రశ్నావళిని పంపేముందు, తెలిసిన ఒక కార్యకర్తను చదివి చూడమన్నాను. చివరి ప్రశ్నకు ‘పూర్తి సంతృప్తి’ అని గుర్తించారు. అంతకుముందు పారితోషికం వాక్యాలన్నింటికీ అట్టడుగు గడులే నింపారు. ‘ఇక్కడ ఇలా ఎందుకు పెట్టారండీ?’ అని అడిగాను. ‘ఏం చేస్తాం మేడమ్, తృప్తి అనేది మనం తెచ్చుకోవాలి గానీ, వాళ్ళిస్తే వచ్చేదా?’ అన్నారు. ఆమె అబద్ధం చెప్పలేదు, ప్రశ్నను తప్పుగా చదవనూ లేదు. ఆమె తెలుగుమాటకు తెలుగర్థమే తీసుకొన్నారు. ఒక్కరి మాటతో సిద్ధాంతం చేయలేం. కాని ప్రశ్న ఏమి కొలుస్తోందో తెలుసుకోవడానికి జవాబు తరువాత ‘ఎందుకు’ అని అడిగి చూడడం ఎంత అవసరమో ఆ ఒక్క మాట చెప్పింది. క్షేత్రానికి వెళ్ళేముందు పదిమంది కార్యకర్తలను కూర్చోబెట్టి ఈ ‘ఎందుకు’ను ప్రతి వాక్యానికీ అడిగితే సగం దోషాలు అక్కడే తేలతాయి.

అనువాదాన్ని సరిచూడడానికి మన పరిశోధకులు సాధారణంగా పేర్కొనేది రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో వివరించిన పునరనువాదపద్ధతి. తెలుగు చేసిన ప్రశ్నావళిని మూలం చూడని మరొకరు తిరిగి ఆంగ్లం చేస్తారు. రెండు ఆంగ్లప్రతులనూ పోల్చుతారు. జారిన పదాలను పట్టుకోవడంలో అది గట్టి పద్ధతే. కాని ‘సంతృప్తి’ని ఎవరికిచ్చినా ‘సాటిస్‌ఫాక్షన్’ అనే తిరిగి రాస్తారు. పోలిక నూటికి నూరుపాళ్ళు కుదురుతుంది. రెండు నిఘంటువులు ఒప్పుకొన్న చోట రెండు సమాజాలు ఒప్పుకొన్నాయని ఆ పద్ధతి పొరబడుతుంది. ఇది దాని లోపమని కాదు, దాని హద్దు. ఆ హద్దును ‘పునరనువాదం ద్వారా సప్రమాణత నిర్ధారించబడినది’ అనే ఒక్క వాక్యంతో దాటేయడం మాత్రం పరిశోధకుల లోపమే.

మరి ఆ ప్రశ్నను ఎలా అడగాలి? తూకాన్ని మళ్ళీ ఉద్యోగంవైపు తిప్పాలి. ‘మీ చెల్లెలో, మీ కూతురో ఈ పనిలో చేరతానంటే చేరమంటారా?’ అన్నది ఒక దారి. తన ఓర్పును పక్కనపెట్టి ఉద్యోగాన్నే చూసేలా అది చేస్తుంది. అయితే ఈ సూచికకూ ఇబ్బంది ఉంది. ఊళ్ళో మరో పని లేనప్పుడు ‘చేరమంటాను’ అన్న జవాబు ఉద్యోగం బాగుందని చెప్పదు, వేరే దారి లేదని చెబుతుంది. అందుకని దాని పక్కన ‘ఇదే ఊళ్ళో ఇంతే డబ్బు వచ్చే మరో పని దొరికితే దేన్ని ఎంచుకొంటారు?’ అని కూడా అడగాలి. ఉద్యోగం వదిలి వెళ్ళేవారి సంఖ్యను సంతృప్తికి పరోక్షసూచికగా వాడేవారు కూడా ఇదే కారణంతో అంగన్‌వాడీ విషయంలో జాగ్రత్తపడాలి. కార్యకర్తలు పెద్దగా పని మానరు. 2023 డిసెంబరు, 2024 జనవరి నెలల్లో ఆంధ్రప్రదేశ్‌లో కార్యకర్తలు, ఆయాలు గౌరవవేతనం పెంపు, గ్రాట్యుయిటీ కోరుతూ నలభై రోజులకు పైగా సమ్మె చేశారు. వదిలి వెళ్ళడాన్ని లెక్కించే సూచిక ఆ సమ్మె ముందురోజున వారిని సంతృప్తులుగానే చూపి ఉండేది.

6. సగటు దాచేది:

‘పని’ అనే పార్శ్వం గురించి ఒక మాట. ఒక కార్యకర్త పిల్లలతో గడిపే పనికి 5, ఫోనులో వివరాలు ఎక్కించే పనికి 1 ఇచ్చిందనుకొందాం. మరొకరు రెండింటికీ 3 ఇచ్చారు. సగటు ఇద్దరికీ 3. మొదటామె తన వృత్తిని ప్రేమిస్తూ దాని చుట్టూ పెరిగిన రాతపనితో విసిగిపోయింది. రెండవామెకు ఏదీ పట్టలేదు. పట్టికలో వీరిద్దరూ ఒక్కటే. స్పెక్టర్ మాపనిలో పని స్వభావం, కార్యనిర్వహణ పద్ధతులు అని రెండు వేరు పార్శ్వాలు ఉండడం ఇక్కడ మనకు ఉపయోగపడుతుంది. దానిని అనుసరించి పిల్లలతో పనినీ రాతపనినీ విడదీస్తే చాలు. కాని పరిశోధకులు ప్రశ్నల సంఖ్య తగ్గించడానికి మొదట కలిపేది ఈ రెండింటినే.

‘గౌరవవేతనం’ దగ్గర ఆగిన నా కలం సంగతి మిగిలింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకు, సహాయకులకు 1972 నాటి గ్రాట్యుయిటీ చట్టం వర్తిస్తుందని తీర్పు చెప్పింది. గౌరవవేతనం అనే పేరు వెనుక ఉన్నది వేతనమేనా అన్నది ఆ తీర్పుకు ముందున్న ప్రశ్నల్లో ఒకటి. ప్రశ్నావళిలో ‘గౌరవవేతనం’ అనే మాటనే ఉంచాను. దాని తరువాత, పారితోషికం వాక్యాల్లో చేర్చకుండా విడిగా, ‘మీరు నెలనెలా అందుకొనేదాన్ని ఏమని పిలుస్తారు?’ అని ఒక ఖాళీగీత వదిలాను. గణనలో దానికి అంకె లేదు. పరిశోధక మిత్రుడు మొదట దానిని తీసేయమన్నాడు. ముందుగా నింపించి చూసిన కాగితాల్లో ఆ గీతమీద ‘జీతం’ అని రాసినవారి పారితోషికం మొత్తాలనూ, ‘గౌరవవేతనం’ అని రాసినవారి మొత్తాలనూ విడివిడిగా చూడవచ్చునని చెప్పిన తరువాత ఉంచాడు.